24 సెకన్ల మూత ఎందుకు సరిపోలేదు: ఒక గ్రావిటీ లైన్‌లో వాటర్ హ్యామర్‌ని కొలిచి తగ్గించిన అనుభవం

పరకాల వైపు ఒక గుట్ట మీద బ్యాలెన్సింగ్ రిజర్వాయర్ ఉంది. అక్కడి నుంచి కింద ఊళ్ళోని ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా 3.6 కిలోమీటర్ల పొడవున 300 ఎంఎం డీఐ, అంటే డక్టైల్ ఐరన్ పైపు వేశారు. మధ్యలో పంపు లేదు. ఎత్తు మీంచి పల్లానికి నీళ్ళు వాటంతట అవే వస్తాయి. ట్యాంకు కాళ్ళ దగ్గర చాంబర్లో బటర్‌ఫ్లై వాల్వ్ ఉంది, లోపలి గుండ్రటి బిళ్ళ 90 డిగ్రీలు తిరిగితే దారి మూసుకుంటుంది. చాలా ఏళ్ళు వాల్వ్ ఆపరేటర్ దాన్ని చేత్తోనే తిప్పేవాడు, లైన్ ఏ గొడవా లేకుండా నడిచింది. తర్వాత దానికి మోటారుతో తిప్పే ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ బిగించి, ట్యాంకు నిండగానే లెవెల్ సెన్సర్ చెప్పి మూయించేలా చేశారు. గొడవ అప్పుడు మొదలైంది.

"నిండంగనే దడ్ దడ్ మని కొడ్తది సార్. చాంబర్ల నిలవడితే కాళ్ళ కింద నేల అదురుతది" అని ఆపరేటర్ చెప్పాడు. ఆ తర్వాత వాల్వుకు 60 మీటర్ల ఎగువన ఉన్న 90 డిగ్రీల బెండు దగ్గర, పత్తి చేను గట్టు పక్కన, నేల తడిగా కనిపించింది. తవ్వి చూస్తే పైపు పగల్లేదు. బెండు పక్కకు జరగకుండా ఆపే కాంక్రీట్ దిమ్మ, అంటే థ్రస్ట్ బ్లాక్, వెనక్కి జరిగి, పుష్-ఆన్ జాయింట్‌లో రబ్బర్ రింగ్ పట్టు వదిలి నీళ్ళు కారుతున్నాయి. దాన్ని సరిచేసి బ్లాక్ వెనక మట్టి దిమ్మిస చేయించాం. రెండు నెలల్లో మళ్ళీ అదే చోట తడి.

ఇక్కడ చాలామందికి వచ్చే మొదటి అనుమానం జాయింట్ సరిగా వేయలేదని. కానీ యాక్చుయేటర్ పెట్టకముందు రాని లీకు, పెట్టాక రెండుసార్లు వచ్చిందంటే జాయింట్‌ని తప్పుపట్టడం తొందరపాటే. అలాగని యాక్చుయేటర్ మరీ వేగంగా ఏమీ మూయడం లేదు. పూర్తిగా తెరిచిన వాల్వుని పూర్తిగా మూయడానికి 24 సెకన్లు తీసుకుంటోంది. బిగించినవాళ్ళు ఈ 24 సెకన్లను లెక్క వేసే ఎంచుకున్నారు. ఆ లెక్క ఏమిటో, అది ఎక్కడ తప్పిందో చూడాలి.

ఈ పైపు నిండా ఉన్న నీళ్ళ బరువు సుమారు 254 టన్నులు. కాజీపేట యార్డులో బొగ్గుతో నిండిన మూడు వ్యాగన్లు ఎంత ఉంటాయో ఇంచుమించు అంత. ట్యాంకు నిండుతున్నప్పుడు ఆ నీళ్ళన్నీ సెకనుకు 1.2 మీటర్ల వేగంతో, అంటే మనిషి నడక వేగంతో కదులుతుంటాయి. వాల్వ్ ఠక్కున మూస్తే ముందు ఆగేవి వాల్వుని ఆనుకుని ఉన్న నీళ్ళు మాత్రమే. వెనక వస్తున్న నీళ్ళకు ముందు దారి మూసుకుందని ఇంకా తెలియదు. అవి వచ్చి ముందున్న నీళ్ళను నొక్కుతాయి, నీళ్ళు కాస్త కుదించుకుంటాయి, పైపు గోడ కాస్త ఉబ్బుతుంది, ప్రెషర్ లేస్తుంది. వాటర్ హ్యామర్ అంటే ఈ దెబ్బే. ఈ ఒత్తిడి అల పైకి, రిజర్వాయర్ వైపు పరుగెడుతుంది. 300 ఎంఎం కె9 డీఐ పైపులో దాని వేగం లెక్క ప్రకారం సెకనుకు దాదాపు 1,200 మీటర్లు. పైపు ఎంత గట్టిదైతే అల అంత వేగంగా పోతుంది. పీవీసీలో ఇది 300 నుంచి 450 మీటర్ల మధ్యే ఉంటుంది.

ఠక్కున ఆగితే ఎంత ప్రెషర్ పెరుగుతుందో చెప్పే సూత్రం చిన్నదే. మాస్కో నీటి సరఫరా పైపుల మీద 1897లో ప్రయోగాలు చేసిన ఝుకోవ్‌స్కీ పేరుతో దీన్ని పిలుస్తారు. ఇందులో ΔH పెరిగే ప్రెషర్, మీటర్ల నీటి ఎత్తులో; a అల వేగం, V నీళ్ళ వేగం, g గురుత్వ త్వరణం.

```
ΔH = a × V / g
   = 1200 × 1.2 / 9.81 = 147 m
```

ఫీల్డ్ భాషలో పది మీటర్ల నీటి ఎత్తు అంటే ఒక కేజీ ప్రెషర్. కాబట్టి 147 మీటర్లంటే 14.7 కేజీలు. ఈ లైన్‌లో నీళ్ళు పారుతున్నప్పుడు వాల్వ్ దగ్గర 2.5 కేజీలు, మూసి నిలబడితే 4 కేజీలు ఉంటుంది. రిజర్వాయర్ నీటి మట్టం వాల్వుకు 40 మీటర్ల పైన ఉంది, పారేటప్పుడు అందులో 15 మీటర్లు పైపు రాపిడికే పోతాయి. 14.7 అనే పెరుగుదల పైపు పొడవు మీద ఆధారపడదు. పైపు పొడవు చెప్పేది ఇంకో సంగతి. అల రిజర్వాయర్ దాకా పోవడానికి 3 సెకన్లు, తిరిగి రావడానికి 3 సెకన్లు, మొత్తం 6. రిజర్వాయర్ నుంచి తిరిగి వచ్చే అల ప్రెషర్‌ని దించుతుంది. ఆ ఊరట అందేలోపు వాల్వ్ మూత పూర్తయిపోతే, ఒక సెకనులో మూసినా 5 సెకన్లలో మూసినా దెబ్బ ఒక్కటే.

6 సెకన్లు దాటితే దెబ్బ తగ్గుతుంది. నీళ్ళు ఒకే తీరుగా నెమ్మదిస్తాయనుకుంటే, పెరుగుదలని 6/T తో గుణించవచ్చు. T అంటే మూయడానికి పట్టే సెకన్లు. 24 సెకన్లకు 147 × 6/24, అంటే 37 మీటర్లు. 2.5కి 3.7 కలిపితే 6.2 కేజీలు. ఇంత ప్రెషర్‌కి ఈ లైన్‌లో ఏదీ కదలకూడదు. బిగించినవాళ్ళు వేసిన లెక్క ఇదే, అంకెల్లో తప్పు లేదు.

నిజంగా ఎంత వస్తోందో తెలియాలంటే కొలవాలి. అక్కడే ఉన్న గ్లిజరిన్ గేజ్‌లో ముల్లు కాస్త ఊగి 4 దగ్గర నిలబడేది. గ్లిజరిన్ ఉన్నదే ముల్లు అదరకుండా కాబట్టి పైకి లేచిన కొనని అది చూపదు. కంట్రోల్ రూం తెర మీద గరిష్ఠం 4.1 అని ఉంది. ఆ సిస్టం నిమిషానికి ఒకసారి మాత్రమే అంకె తీసుకుంటోంది. 12 సెకన్లలో లేచి పడే అల నిమిషానికొకసారి చూసే కంటికి దొరకడం లాటరీ లాంటిది. అందుకని 0 నుంచి 25 కేజీల ప్రెషర్ ట్రాన్స్‌మిటర్‌ని, సెకనుకు 20 అంకెలు రాసుకునే లాగర్‌ని తెచ్చాం. వాల్వుకు పైపక్కన, గేజ్ తీసేసిన టాపింగ్‌కే బిగించాం. బిగించేటప్పుడు టాపింగ్ గొట్టంలో గాలిని పూర్తిగా వదలాలి. గాలి బుడగ మిగిలితే అది స్ప్రింగులా పనిచేసి కొనని మొండి చేస్తుంది. ట్రాన్స్‌మిటర్ ముందు ఎవరైనా ప్రెషర్ అదురుని అణిచే స్నబ్బర్ పెట్టి ఉంటే అదీ తీసేయాలి.

ఒక రాత్రి లాగర్ పెట్టి వదిలితే మూడుసార్లు ట్యాంకు నిండింది. మూడుసార్లూ ప్రెషర్ 13 కేజీలు దాటింది, అన్నిటికన్నా ఎక్కువ 13.4. అంటే 24 సెకన్ల మూత, దాదాపు ఠక్కున మూసినట్టే పనిచేస్తోంది.

కారణం లాగర్ గీతలోనే కనిపించింది. మూత మొదలైన 16, 17 సెకన్ల దాకా గీత నిదానంగా కాస్త పైకి జరిగింది. ఆ తర్వాత ఏడెనిమిది సెకన్లలో నిట్టనిలువుగా లేచింది. వాల్వ్ తిరుగుతున్నంత సేపూ నీళ్ళు ఒకే తీరుగా తగ్గడం లేదన్నమాట. దీన్ని బటర్‌ఫ్లై వాల్వ్ గుణంతోనూ సరిచూసుకోవచ్చు. ఈ లైన్‌లో నీటిని అడ్డుకునేది ప్రధానంగా 3.6 కిలోమీటర్ల పైపు రాపిడి. వాల్వ్ సగం మూసినా దాని అడ్డంకి పైపు రాపిడి ముందు లెక్కలోకి రాదు. మామూలు బటర్‌ఫ్లై వాల్వుకు వాడే నష్ట గుణకాలు పెట్టి చూస్తే, 90 డిగ్రీల్లో ఇంకా 30 డిగ్రీలు తెరిచి ఉన్నప్పుడు, అంటే మూతలో మూడింట రెండు వంతులు అయిపోయాక కూడా, నీళ్ళు 90 శాతం పారుతూనే ఉన్నాయి. 20 డిగ్రీల దగ్గర సుమారు 76 శాతం, 10 డిగ్రీల దగ్గర 46 శాతం. ఆ చివరి 20 డిగ్రీలు తిరగడానికి యాక్చుయేటర్‌కు పట్టేది 5.3 సెకన్లు. మన గీటురాయి 6. ముప్పావు వంతు ప్రవాహం ఆ 6 సెకన్ల లోపే చచ్చిపోతోంది. 147లో 76 శాతం 112 మీటర్లు. అప్పటికే ఉన్న 3 కేజీల పైచిలుకు మీద 11 కేజీలు ఎక్కితే 14కి దగ్గర. లాగర్ చూపిన 13.4 అక్కడే ఉంది.

కాబట్టి సూత్రంలో T అంటే వాల్వ్ మూసుకోవడానికి పట్టే సమయం కాదు, నీళ్ళు ఆగడానికి పట్టే సమయం. పొడవైన లైన్‌లో ఈ రెంటికీ చాలా తేడా ఉంటుంది. స్లూయిస్ వాల్వుకీ ఇదే వర్తిస్తుంది, పొట్టి లైన్ అయితే ఇంత తేడా రాదు. పాత ఆపరేటర్ చేతిపనిలో గొడవ ఎందుకు రాలేదో కూడా దీంతో అర్థమైంది. చివరి చుట్లు బరువుగా వస్తాయి కాబట్టి అతను ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి తిప్పేవాడు.

పైపు ఎందుకు పగల్లేదు, బెండు దగ్గరే ఎందుకు అంటే, 300 ఎంఎం కె9 డీఐ పైపు 13 కేజీలను లెక్కచేయదు. కానీ బెండు దగ్గర ప్రెషర్ పైపుని పక్కకు తోస్తుంది. 90 డిగ్రీల బెండుకు ఆ తోపు, ప్రెషర్‌ని పైపు బయటి వ్యాసం ప్రకారం వైశాల్యంతో గుణించి 1.41 రెట్లు చేస్తే వస్తుంది. 4 కేజీల దగ్గర అది 4.7 టన్నులు. థ్రస్ట్ బ్లాక్‌ని టెస్ట్ ప్రెషర్ 6 కేజీలకు, అంటే దాదాపు 7 టన్నులకు లెక్కించి కట్టారు. 13.4 దగ్గర తోపు 15.8 టన్నులు. పైగా అక్కడ నల్లరేగడి. ఎండకు నెర్రెలిచ్చి, వానకు జావగా మారే మట్టి బ్లాక్‌కి వెనక ఆనుడు ఏమిస్తుంది? ఒక్క దెబ్బకు బ్లాక్ కూలిపోదు. దెబ్బదెబ్బకూ కొద్దికొద్దిగా జరుగుతూ పోతుంది. బ్లాక్ పెద్దది చేయడం ఒక దారే కానీ, అదే అల రేపు ఇంకో బెండునో, పైపు మీద వేసిన సాడిల్ కనెక్షన్‌నో వెతుక్కుంటుంది.

ప్రెషర్ లేచాక పడటం కూడా ఉంటుంది, దాన్ని మరిచిపోతాం. 4 కేజీల చుట్టూ అల పైకి ఎంత పోతే కిందికి అంత పోవాలని చూస్తుంది. కానీ నీళ్ళు వాతావరణ పీడనం కంటే 9.5 మీటర్లకు మించి కిందికి పోలేవు. అక్కడ ఆవిరై, నీటి స్తంభం తెగుతుంది. ఈ లైన్ మధ్యలో చెరువు కట్ట దాటే చోట ఎత్తు ఉంది, అక్కడ ఎయిర్ వాల్వ్ ఉంది. ప్రెషర్ పడినప్పుడు అది బుస్సుమని గాలి పీల్చి, తర్వాత ఆ గాలిని ఒక్కసారిగా వదిలి టప్‌మని మూసుకునేది. ఆ మూతే ఇంకో చిన్న వాటర్ హ్యామర్. వానాకాలం ఆ చాంబర్లో మురికి నీళ్ళు నిలిచి ఉంటే, ఎయిర్ వాల్వ్ గాలికి బదులు ఆ నీళ్ళనే తాగే లైన్‌లోకి పీలుస్తుంది. లీకు కన్నా నాకు ఇదే పెద్ద భయం. ఆ చాంబర్ నీళ్ళు పోయేలా కాలువ తీయించడం మొదట చేసిన పని.

ఇక మూతని సరిచేయడం. యాక్చుయేటర్ మోటార్ వేగం మారదు, డిగ్రీకి పావు సెకనుకు కాస్త పైన. మార్చగలిగింది, దాన్ని ఆపి ఆపి నడపడం. మొదటి 60 డిగ్రీలు ఎప్పటిలాగే 16 సెకన్లలో ఒకే విడతగా మూయించాం, ఎందుకంటే అక్కడ నీళ్ళు తగ్గేదే 10 శాతం. చివరి 30 డిగ్రీలను ప్యానెల్‌లోని కంట్రోలర్, అంటే పీఎల్‌సీలో, పల్స్ టైమర్ పెట్టి 16 ముక్కలు చేశాం. ఒక్కో ముక్క అర సెకను నడక, దాదాపు 1.9 డిగ్రీలు. అన్నిటికన్నా బరువైన చివరి ముక్కలు ఒక్కొక్కటి 9 శాతం లోపు ప్రవాహాన్ని ఆపుతాయి. 147లో 9 శాతం అంటే 13 మీటర్లు, 1.3 కేజీలు.

ఇక్కడ మాకు ఒక పొరపాటు జరిగింది. ముక్కకూ ముక్కకూ మధ్య ఎంత ఎక్కువ ఆగితే అంత మంచిదనుకుని మొదట 12 సెకన్లకు ఒక పల్స్ పెట్టాం. మొత్తం మూతకు మూడు నిమిషాలు దాటింది, అయినా చివరి రెండు మూడు పల్స్‌ల దగ్గర ప్రెషర్ 6.8 దాకా లేచింది. ఊయల ఊపినట్టే ఇది. అల రిజర్వాయర్‌కి పోయి వచ్చేది 6 సెకన్లకు, కానీ మొదటిసారి అది తగ్గుదలగా వస్తుంది. మళ్ళీ పోయి వచ్చాక, 12వ సెకనుకు, పెరుగుదలగా వస్తుంది. సరిగ్గా అప్పుడే మనం ఇంకో పల్స్ ఇస్తే, వెనక్కి వచ్చిన ఊయలని మళ్ళీ తోసినట్టు అవుతుంది. వాల్వ్ బాగా తెరిచి ఉన్నప్పుడు అల కొంత దాని గుండా పోతుంది కాబట్టి ఇది తెలియదు. దాదాపు మూసుకున్నాకే తెలుస్తుంది. పల్స్‌ని 6 సెకన్లకు ఒకటిగా మార్చాం. అప్పుడు కొత్త పెరుగుదల, తిరిగొచ్చిన తగ్గుదలకు ఎదురుపడి రెండూ చాలావరకు తీరిపోతాయి. చివరి 30 డిగ్రీలకు 96 సెకన్లు, మొత్తం మూతకు రెండు నిమిషాల లోపు. ఆ సెట్టింగ్‌తో వరసగా ఐదు మూతలు చూస్తే గరిష్ఠం 5.6. చెరువు కట్ట మీద ఎయిర్ వాల్వ్ గాలి పీల్చలేదు.

అలకి అసలు ఎంత సమయం పడుతుందో పుస్తకం లెక్క మీద వదలక్కర్లేదు. వాల్వ్ పూర్తిగా మూసుకున్నాక లాగర్ గీత ఇంకా కాసేపు ఊగుతుంది. ఒక ఊపు కొన నుంచి తర్వాతి కొన దాకా ఉన్న సమయం, అల నాలుగుసార్లు పైపు పొడవు నడిచే సమయం. మా గీతలో అది 12.4 సెకన్లు. 14,400ని 12.4తో భాగిస్తే వేగం 1,160 మీటర్లు. లెక్కలో వచ్చిన 1,200కి దగ్గరే. ఇది 14, 15 సెకన్లు వచ్చి ఉంటే లైన్‌లో ఎక్కడో గాలి ఇరుక్కుందనో, మధ్యలో ఎవరో ప్లాస్టిక్ పైపు ముక్క వేశారనో అనుమానించాలి.

సర్జ్ రిలీఫ్ వాల్వ్ కూడా పెట్టాం, కానీ రెండో కాపలాగా. పల్స్ టైమర్ చెడిపోయి యాక్చుయేటర్ మళ్ళీ 24 సెకన్లలో మూసేస్తే ఆదుకోవడానికి. 7 కేజీల లోపు ఉంచాలంటే, అప్పటికే ఉన్న 3 కేజీల పైచిలుకు మీద ఇంకో 3.9 కేజీలే పెరగనివ్వాలి. అంటే ఠక్కున ఆగగలిగే వేగం సెకనుకు 0.32 మీటర్లే. ఆగబోయే వేగం 1.2లో 76 శాతం, అంటే 0.91. మిగిలిన 0.59 మీటర్ల వేగం, అంటే సెకనుకు దాదాపు 42 లీటర్లు, రిలీఫ్ గుండా బయటికి పోవాలి. 70 మీటర్ల ప్రెషర్ దగ్గర 50 ఎంఎం రిలీఫ్ 30 లీటర్ల లోపే వదులుతుంది, 80 ఎంఎం అయితే 70 దాటుతుంది. అందుకని 80 ఎంఎం, 6.5 కేజీలకు సెట్ చేసి, వాల్వుకు పైపక్కన టీ మీద పెట్టి, బయటి నోరు డ్రైన్‌లోకి తిప్పాం. ఇది తెరుచుకోవడం ఠక్కున జరగాలి, మూసుకోవడం మాత్రం నిదానంగా. వెంటనే మూసుకుంటే అదే ఇంకో దెబ్బ కొడుతుంది. మూత నిదానాన్ని, రిలీఫ్‌ని నడిపే చిన్న పైలట్ వాల్వ్ మీది నీడిల్ వాల్వుతో 30 సెకన్లకు సరిచేశాం. పైలట్ గొట్టం సన్నది, ముందున్న జాలీలో మడ్డి పేరుకుంటే రిలీఫ్ తెరుచుకోదు, బయటికి ఏమీ తెలియదు. మూడు నెలలకోసారి జాలీ కడిగి, పైలట్ స్ప్రింగ్‌ని కాసేపు 3.5కి వదులు చేసి, వాల్వ్ మూసి ఉన్నప్పుడు 4 కేజీలకే తెరుచుకుంటుందో లేదో చూసి, మళ్ళీ 6.5కి బిగించాలి. ఇంకో సంగతి, రిలీఫ్ పైకి లేచే ప్రెషర్‌నే ఆపుతుంది. కిందికి పడే ప్రెషర్‌కి దాంతో లాభం లేదు.

పంపు నడిచే లైన్లలో, దేవాదుల లాంటి ఎత్తిపోతల పైపుల్లో, కథ వేరు. అక్కడ కరెంటు పోయి పంపు ఆగితే మొదట ప్రెషర్ పడుతుంది, తర్వాతే లేస్తుంది. వాల్వ్ నిదానంగా మూయడం అక్కడ సరిపోదు. ఎయిర్ వెసెల్, సర్జ్ ట్యాంక్ లాంటివి కావాలి.

మిగిలింది చేతి చక్రం. కరెంటు లేనప్పుడు యాక్చుయేటర్‌ని విడదీసి చేత్తో తిప్పుతారు, అప్పుడు పల్స్ టైమర్ లేదు. వాల్వ్ మీది సూచిక ముల్లు దగ్గర 30 డిగ్రీల గుర్తుకి ఎర్ర పెయింట్ వేశాం. ఎర్ర గీత దాకా ఎలా తిప్పినా పర్లేదు. అది దాటాక చక్రం పావు చుట్టు తిప్పి, ఆరు లెక్కపెట్టి, మళ్ళీ పావు చుట్టు. కొత్తగా వచ్చిన కుర్రాడికి చాంబర్లో దీన్ని చూపిస్తుంటే పాత ఆపరేటర్ నవ్వి, "గట్లనే కదా సార్, నేను తిప్పేది" అన్నాడు.